ఉగాది విస్తరి, మర్నాటి కాటా, వారం లెక్క

ఉగాది మర్నాడు పొద్దున్న బెంగళూరులో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్ల జిమ్ములో నిలబడితే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: “ఒక్క రోజులో కిలోన్నర పెరిగాను.” నెల రోజులు నోరు కట్టుకుని తగ్గించుకున్నది ఒక్క పూట భోజనంతో పోయిందని బాధ. ఆ బాధలో కొందరు రెండు రోజులు మజ్జిగ మీదే ఉంటారు. కొందరు ఎలాగూ పోయింది కదా అని వారమంతా వదిలేస్తారు. ఇద్దరూ కాటా మీద కనిపించిన ఆ కిలోన్నరను కొవ్వు అనుకునే ఆ నిర్ణయానికి వస్తారు.

ఇక్కడ ఉండేవాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఊళ్లలో ఉగాది ఆ రోజుతో అయిపోతుంది. బెంగళూరు, మైసూరు వైపు మర్నాడు హొసతొడకు. పండగ రోజు ఒబ్బట్లు తిన్నవాళ్లు ఆ రోజు మాంసం వండుకుంటారు. మైసూరు రోడ్డులో మటన్ షాపుల ముందు తెల్లవారకముందే క్యూలు కనిపిస్తాయి. పక్కింటివాళ్లు భోజనానికి పిలుస్తారు, లేదా ఆఫీసు వాళ్లంతా కలిసి ఆంధ్రా మీల్స్ హోటల్‌కు వెళ్తారు. అంటే బరువు తగ్గాలనుకునే మనిషికి వరసగా రెండు రోజులు విందే. ఈ రెండు రోజుల్లో ఒంట్లో నిజంగా ఏం జరుగుతుందో, విస్తరిలో ఏది ఎంత తూకమో ఒక్కొక్కటిగా చూద్దాం.

## ముందు లోటు సంగతి

మన శరీరం రోజంతా ఖర్చు చేసే శక్తికి సమానంగా తింటే బరువు నిలకడగా ఉంటుంది. అంతకంటే తక్కువ తింటే ఆ తేడాను ‘లోటు’ అంటారు. జిమ్ముల్లో డెఫిసిట్ అనేది దీన్నే. ఆ లోటును శరీరం ఎక్కువగా నిల్వ కొవ్వులోంచి పూడ్చుకుంటుంది. ఒక కిలో కొవ్వు కణజాలంలో సుమారు 7,700 కేలరీలు ఉంటాయని లెక్క.

ఉదాహరణకు మహదేవపురలో ఉంటూ కూర్చుని చేసే ఉద్యోగంలో ఉన్న ఒక 34 ఏళ్ల మహిళను తీసుకుందాం. బరువు 68 కిలోలు. వారానికి మూడు రోజులు జిమ్ముకు వెళ్తుంది. ఆమెకు రోజు ఖర్చు 1,900 కేలరీలు అనుకుందాం. ఆమె 1,500 తింటోంది, అంటే రోజుకు 400 లోటు. వారానికి 2,800. ఈ లెక్కన వారానికి మూడువందల యాభై గ్రాముల చొప్పున కొవ్వు తగ్గాలి. తగ్గుతోంది కూడా.

ఇందులో గుర్తుంచుకోవాల్సింది, శరీరం ఏ రాత్రికి ఆ రాత్రి ఖాతా మూసేయదు. సోమవారం లోటు, గురువారం మిగులు కలిసిపోతూనే ఉంటాయి. అందుకే పండగను ఒక రోజు లెక్కగా కాక వారం లెక్కగా చూడాలి.

## చేయి ఆపకుండా తింటే విస్తరిలో ఎంత?

పూజ, పంచాంగం అయ్యేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర. అరిటాకు వేశారు. ఎవరు ఏం వడ్డించినా వద్దనకుండా తిందనుకుందాం. కింది అంకెలన్నీ ఇంటి వంటకు వేసిన అంచనాలు. ఇంటింటికీ ఇరవై శాతం అటూ ఇటూ అవుతాయి.

బొబ్బట్టుతో మొదలుపెడదాం. చేతి వెడల్పు బొబ్బట్టు ఒకదానికి పాతిక గ్రాముల శనగపప్పు, పాతిక గ్రాముల బెల్లం, ఇరవై గ్రాముల మైదా, కాల్చడానికి, పిండి తడపడానికి కలిపి ఎనిమిది గ్రాముల నూనె పడతాయి. అంతా కలిపితే సుమారు 330 కేలరీలు. పైన చెంచాడు నెయ్యి వేస్తే ఇంకో 45. రెండు తింటే 750. బెల్లం కాబట్టి ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. వంద గ్రాముల పంచదారకు సుమారు 400 కేలరీలైతే, బెల్లానికి సుమారు 380. బరువు లెక్కలో ఆ తేడా పట్టించుకునేంతది కాదు.

పెద్ద కప్పున్నర పులిహోర 420. అందులో అన్నం వాటా 260 అయితే మిగతాది పోపు నూనె, పల్లీలది. మూడు గారెలు 390. ఒక్కో గారెలో సగం మినప్పప్పు అయితే సగం పీల్చుకున్న నూనె. తెల్లన్నం, ముద్దపప్పు, రెండు చెంచాల నెయ్యి కలిపి 450. బెండకాయ వేపుడు 130, రెండు అప్పడాలు 110, ఆవకాయ 50. ఒక కప్పు సేమ్యా పాయసం 220. చివర పెరుగన్నం 195. మొత్తం 2,700 దాటుతుంది.

పొద్దున్న ఏదో ఫలహారం 250, సాయంత్రం కాఫీతో ఇంకో బొబ్బట్టు 400, రాత్రి చారన్నం 300 కలిపితే ఆ రోజు 3,650. ఆమె ఖర్చు 1,900 కాబట్టి మిగులు 1,750.

ఈ విస్తరిలో బరువు మోసేది అన్నమని అందరూ అనుకుంటారు. పులిహోరలోది, పప్పులోది, పెరుగులోది కలిపినా అన్నం వాటా 650 కేలరీలే. నూనె, నెయ్యి లెక్క వేయండి: బొబ్బట్లలో పాతిక గ్రాములు, గారెల్లో ఇరవై, పులిహోరలో పన్నెండు, వేపుడులో పది, అన్నంలో కలుపుకున్నది పది, పాయసం, అప్పడాల్లో ఇంకో పది. తొంభై గ్రాములకు దగ్గర, అంటే 800 కేలరీలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో 2,000 కేలరీల ఆహారానికి రోజంతటికీ చెప్పిన నూనెలు, కొవ్వులు 27 గ్రాములు. ఒక్క పూటలో దానికి మూడు రెట్లు దాటింది. అందుకే “ఈ రోజు అన్నం మానేశాను, బొబ్బట్లు, గారెలే తిన్నాను” అనే పద్ధతిలో లెక్క తగ్గదు, పెరుగుతుంది.

## అవే వంటలు, వెయ్యి తక్కువ

ఇప్పుడు అదే విస్తరి, ఒక్క వంట కూడా మానకుండా.

ముందు పెసరపప్పు కోసంబరి, బెండకాయ కూర. ఉగాదికి కన్నడ ఇళ్లలో కోసంబరి చేస్తారు, మన వడపప్పు లాంటిదే. పచ్చి దోసకాయ, నానిన పప్పు కాబట్టి గుప్పెడు పెట్టుకున్నా 60. ఆ తర్వాత ఒక బొబ్బట్టు, దాని మీద చెంచా నెయ్యి, 375. ఇది భోజనం మధ్యలో, ఆకలి ఉండగానే తినాలి. కడుపు నిండాక చివర్లో తిన్న బొబ్బట్టు రుచి తెలియదు, అందుకే రెండోది తినాలనిపిస్తుంది. పులిహోర ఒక గరిటె, 200. గారెలు రెండు, 260. అన్నం సగానికి తగ్గించి పప్పు ఒకటిన్నర రెట్లు చేసి, నెయ్యి ఒక చెంచా వేస్తే 325. వేపుడు అంతే, 130. అప్పడం ఒకటి, ఆవకాయ సగం, రెండూ కలిపి 80. పాయసం అర కప్పు 110. పెరుగు ఒక కప్పు, అన్నం లేకుండా, 95.

మొత్తం 1,635. ముందు విస్తరికి దీనికి తేడా 1,080. ఇందులో రెండో బొబ్బట్టు ఒక్కటే 375, పులిహోర తగ్గింపు 220, రెండు చోట్ల అన్నం కలిపి 225. మిగతావి చిల్లర. కాబట్టి ఎవరైనా ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే రెండో బొబ్బట్టును, రెండోసారి వచ్చే పులిహోర గరిటెను గుర్తుపెట్టుకోవాలి. అప్పడం ముక్క దగ్గర మథనపడడం వల్ల ఒరిగేది తక్కువ.

పప్పు పెంచడానికి కారణం ఉంది. మాంసకృత్తులు, పీచు ఉన్న పదార్థం కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది, సాయంత్రం కాఫీతో చేయి బొబ్బట్ల డబ్బా వైపు వెళ్లదు. రెండు గారెల్లో తొమ్మిది గ్రాములు, పప్పులో పది, పెరుగులో ఐదు గ్రాముల దాకా మాంసకృత్తులు వస్తాయి. జిమ్ములో బరువులెత్తే ఆ మనిషికి రోజుకు కావాల్సిన ఎనభై, తొంభై గ్రాముల్లో మంచి వాటానే. పొద్దున్న రెండు పెసరట్లు, రాత్రి మజ్జిగ, కూరతో కలిపి ఆ రోజు మొత్తం 2,200 దగ్గర ఆగుతుంది. మిగులు 300.

## కాటా మీది కిలోన్నర

ఒక రాత్రిలో కిలోన్నర కొవ్వు చేరాలంటే ఖర్చుకు పైన పదకొండు వేల కేలరీలు తినాలి. చేయి ఆపని విస్తరి రోజున మిగిలింది 1,750. అది అంతా కొవ్వుగా మారినా 230 గ్రాములు. మిగతా కిలో పైచిలుకు ఎక్కడిది?

పెద్ద వాటా నీరు. తిన్న పిండి పదార్థంలో కొంత శరీరం గ్లైకోజెన్‌గా కండల్లో, కాలేయంలో దాచుకుంటుంది. ఒక గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని వెంట ఉంచుకుంటుంది. కొన్ని వారాలుగా లోటులో ఉన్న మనిషికి ఈ గోదాములు సగం ఖాళీగా ఉంటాయి కాబట్టి పండగ రోజు రెండు వందల గ్రాముల గ్లైకోజెన్ చేరడం కష్టం కాదు. నీటితో కలిపి ఎనిమిది వందల గ్రాములు.

రెండోది ఉప్పు. పులిహోర, ఆవకాయ, అప్పడం ఉన్న విస్తరిలో మామూలు రోజు కంటే ఐదు గ్రాముల ఉప్పు ఎక్కువగా వెళ్లడం మామూలే. రక్తంలో లవణం గాఢత లీటరుకు తొమ్మిది గ్రాముల ఉప్పుకు సమానంగా ఉంటుంది. కాబట్టి ఆ ఐదు గ్రాములను కిడ్నీలు బయటికి పంపేదాకా అర లీటరు నీరు ఒంట్లో ఆగుతుంది. వేళ్లకు ఉంగరం బిగుసుకోవడం, పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు దీని గుర్తులు. ఇక ఇంకా అరగని ఆహారం బరువు ఎలాగూ ఉంటుంది.

ఈ నీరు మామూలు తిండికి వచ్చాక మూడు నాలుగు రోజుల్లో దిగిపోతుంది. కొవ్వు అయితే అలా దిగదు. తేడా తెలుసుకోవడానికి పండగకు ముందు ఏడు రోజుల బరువు సగటు, పండగ తర్వాత మూడో రోజు నుంచి ఏడు రోజుల సగటు పక్కపక్కన పెట్టాలి. రోజూ నిద్ర లేచి, బాత్రూమ్‌కు వెళ్లొచ్చి, ఏమీ తాగకముందు చూసిన బరువే తీసుకోవాలి. స్త్రీలకు నెలసరి ముందు రోజుల్లో కూడా కిలో దాకా నీరు చేరవచ్చు, ఉగాది ఆ రోజుల్లో పడితే పోల్చడానికి ఇంకో వారం ఆగాలి. ఇదంతా తెలియక రెండు రోజులు కడుపు మాడ్చుకున్నవాళ్లకు మూడో రోజు బరువు జారినప్పుడు ఉపవాసమే పనిచేసిందనిపిస్తుంది. అందులో ఎక్కువ భాగం ఎలాగూ వెళ్లిపోయే నీరే.

## హొసతొడకు, ఆంధ్రా మీల్స్

వారం లెక్కకు తిరిగి వద్దాం. ఆరు రోజులు 400 చొప్పున లోటు, 2,400. పండగ రోజు చేయి ఆపకుండా తిన్నా మిగులు 1,750. వారం మొత్తం మీద ఇంకా 650 లోటే. బరువు తగ్గే వేగం పడింది, వెనక్కి మాత్రం పోలేదు. అయితే హొసతొడకు రోజు ఇంకో వెయ్యి మిగిలితే? ఇప్పుడు లోటు రోజులు ఐదే, అంటే 2,000. మిగులు 2,750. వారం 750 మిగులుతో ముగుస్తుంది. వారం గుర్తు మారేది ఈ రెండో రోజు దగ్గర.

కాబట్టి ఆ రోజు హోటల్‌కు వెళ్తే కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టడం లాభం. మీల్స్‌లో అన్నం ఒకేసారి రాదు. పొడితో ఒకసారి, పప్పుతో, సాంబారుతో, రసంతో, పెరుగుతో ఒక్కోసారి. ప్రతిసారీ కొంచెమే అనిపిస్తుంది. ఒక్కో వాయి నూట ఇరవై గ్రాములనుకున్నా ఐదు వాయిలకు ఆరు వందల గ్రాములు, దాదాపు 780 కేలరీలు. పొడి అన్నంలోకి వంచే నెయ్యి గరిటె రెండు మూడు చెంచాలు పడుతుంది, ఇంట్లో కొలిచే చెంచా కాదు.

పనికొచ్చే పద్ధతి: మొదటి వడ్డనలో వచ్చిన అన్నాన్ని వేళ్లతో మూడు వాటాలుగా విడదీసి పెట్టుకోవడం. ఒకటి పొడికి లేదా పప్పుకు, ఒకటి సాంబారుకు, ఒకటి పెరుగుకు. రసం గ్లాసులో పోయించుకుని తాగడం. వడ్డించేవాళ్లు గరిటె వంచాక చెప్పే మాట అందదు. వాళ్లు రెండు విస్తర్ల అవతల ఉండగానే అరచేయి అడ్డం పెట్టి, చాలు అనడానికి కన్నడంలో వాడే ‘సాకు’ అనే మాట చెబితే ఆగుతారు. ఇళ్లల్లో చెప్పే చిన్న ప్లేటు చిట్కా ఇక్కడ కుదరదు. పైగా దానికి చెప్పే ఆధారం అంత గట్టిది కాదు. పెద్ద గిన్నెలోంచి వడ్డించుకుంటే ఎక్కువ తింటారని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకుడు బ్రయాన్ వాన్సింక్ ప్రచురించిన పేపర్‌తో సహా ఆయనవి ఆరింటిని జామా అనే వైద్య పరిశోధన పత్రికలు 2018లో వెనక్కి తీసుకున్నాయి. ఎంత వడ్డిస్తే అంత తింటామన్నది మాత్రం చాలా పరిశోధనల్లో కనిపించింది, కాబట్టి ఆపాల్సింది వడ్డన దగ్గరే.

మాంసంలో వేపుళ్లకు, పులుసుకు తేడా పెద్దది. చిల్లీ చికెన్ పిండి పట్టించి నూనెలో దేవినది, కూరలో ముక్క అలా కాదు. పక్కింట్లో మటన్ సారు, రాగిముద్ద పెడితే అదృష్టమే: ముద్ద ఒకటి మూడువందల లోపే, ముక్కలు మాంసకృత్తులు ఇస్తాయి. సారు మీద తేలిన కొవ్వును గరిటెతో పక్కకు తోసి లోపలిది పోసుకుంటే చాలు.

## ముందే కడుపు మాడ్చుకోవాలా, ఒక్క రోజేగా అని వదిలేయాలా

పండగ రోజు పొద్దున్న తినకుండా ఉంటే మధ్యాహ్నానికి ఖాతాలో చోటు ఉంటుందన్నది ఒక వాదన. అంకెల్లో నిజమే, 250 మిగులుతాయి. పూజ అయ్యేదాకా ఉపవాసం ఉండే అలవాటున్నవాళ్లకు ఇది ఇబ్బంది లేకుండా సాగిపోతుంది. అలవాటు లేనివాళ్లు ఒకటిన్నరకు ఆకలి మండిపోతూ కూర్చుని, మొదటి పది నిమిషాల్లో పులిహోర, గారెలు రెండేసి సార్లు పెట్టించుకుంటారు. తాను ఏ రకమో ఎవరికి వారు గత పండగలు తలుచుకుంటే తెలుస్తుంది. మధుమేహానికి ఇన్సులిన్, లేదా గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడక్కుండా పూట మానకూడదు, షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. వాళ్లకు కూర, పప్పు ముందు తిని అన్నం, తీపి తర్వాత తినడం వల్ల భోజనం తర్వాతి షుగర్ తక్కువగా ఎక్కుతుందని చిన్న పరిశోధనలున్నాయి. అది షుగర్ సంగతి, కేలరీల మొత్తాన్ని తగ్గించదు.

ఏడాదికి ఒక్క రోజు, హాయిగా తిననివ్వండి అన్నది రెండో వాదన. పైన చూసిన 230 గ్రాముల లెక్క దాన్ని బలపరుస్తుంది, నేనూ ఎక్కువగా అటే మొగ్గుతాను. కానీ 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశోధనలో అమెరికాలో పెద్దవాళ్లు నవంబర్ మధ్య నుంచి జనవరి మధ్య దాకా సాగే పండగల కాలంలో సగటున 0.37 కిలోలు పెరిగినట్టు తేలింది. తక్కువే, కానీ తర్వాతి నెలల్లో అది చాలామందిలో దిగలేదు. మనకూ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం నుంచి దీపావళి దాకా అలాంటి కాలమే. ఉగాదికి చెల్లే మాట ఆ మూడు నెలలకు చెల్లదు.

నడిచి కరిగించేస్తాం అనేవాళ్లూ ఉన్నారు. 68 కిలోల మనిషి గంట మామూలు వేగంతో నడిస్తే అదనంగా ఖర్చయ్యేది రెండు వందల కేలరీలు. నెయ్యి వేసిన ఒక బొబ్బట్టుకు దాదాపు రెండు గంటలు. భోజనం తర్వాత పావుగంట నడక షుగర్‌కు మంచిది, ఆ కారణంతోనే నడవండి.

## డబ్బాలో మిగిలిన బొబ్బట్లు

లెక్కలో అందరూ వదిలేసేది ఇదే. ఇంట్లో చేసినవి, పక్కవాళ్లు పంపినవి, ఒబ్బట్ల దుకాణం నుంచి తెచ్చినవి కలిసి పండగ మర్నాటికి డబ్బాలో ఎనిమిది మిగులుతాయి. రోజుకు రెండు, కాఫీతో ఒకటి, రాత్రి ఒకటి, నాలుగు రోజులు. నెయ్యి వేసుకోకపోయినా రోజుకు 660, ఆమె రోజువారీ లోటు 400ను మింగి ఇంకా 260 మిగులుతుంది. ఎనిమిదికీ కలిపి 2,640. చేయి ఆపని పండగ రోజు మొత్తం మిగులు 1,750 అని చూశాం, ఈ డబ్బా అంతకంటే పెద్దది. పైగా వీటిని ఎవరూ పండగ భోజనం కింద లెక్కపెట్టరు.

ఆ రోజు సాయంత్రమే బొబ్బట్ల మధ్య బటర్ పేపర్ పెట్టి రెండేసి చొప్పున చుట్టి డీప్ ఫ్రిజ్‌లో పెడితే నెల దాకా ఉంటాయి. కావాలనుకున్న రోజు ఒక పొట్లం తీసి పెనం మీద సన్న మంట పెట్టి, నూనె వేయకుండా రెండు వైపులా కాలిస్తే సరిపోతుంది. కొబ్బరి బొబ్బట్లయితే మార్చి ఎండకు రెండో రోజుకే వాసన వస్తాయి కాబట్టి ముందు వాటిని పంచేయాలి, పప్పు పూర్ణంవి దాచుకోవాలి.